ఒట్టు వేసే ముందు

మొదటి సంవత్సరం చెల్లెళ్లకు, తోటి వాలంటీర్లకు నమస్కారం. వార్డెన్ మేడమ్ నాకు పది నిమిషాలే ఇచ్చారు కనుక, హాస్టల్లో తోటివారి కష్టాలు వినేటప్పుడు ఏది దాచాలో, ఏది చెప్పాలో అన్న విషయానికి నేరుగా వస్తాను.

నిరుడు, సెమిస్టరు పరీక్షలకు ముందు, నా గదిలో ఉండే అమ్మాయి రాత్రి ఒంటిగంటకు నన్ను లేపి, "ఏడుకొండలవాడి మీద ఒట్టు వెయ్యి, అప్పుడే చెబుతాను" అన్నది. నేను ఆలోచించకుండా ఒట్టు వేశాను. బతకాలని లేదని ఆమె చెప్పిన తరువాత, ఆ ఒట్టును పట్టుకుని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేకపోయాను. ఆమెను ఒంటరిగా వదలలేక స్నానాల గది బయట బకెట్టు పట్టుకుని నిలబడేదాన్ని. ఐదో రోజు మేడమ్‌కు చెప్పాను. ఆ అమ్మాయి నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, ఈ సంగతి మీతో చెప్పడానికి ఒప్పుకున్నదీ ఆమే.

అందుకే నేనిప్పుడు వినకముందే ఒక మాట చెబుతాను: "నువ్వు చెప్పింది మెస్సులో చర్చకు రాదు, కానీ నీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం సాయం చేయగలవారికి చెబుతాను, అదీ నీకు తెలియజేసే చెబుతాను." ఇలా చెబితే ఎవరూ నోరు విప్పరని మొదట భయపడ్డాను, చాలామంది విప్పారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కూడా వైద్య నిపుణులను గోప్యత పాటించమంటూనే, ప్రాణాపాయాన్ని తప్పించడానికి అవసరమైనంత సమాచారాన్ని వెల్లడించవచ్చని మినహాయింపు ఇచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండనివారిపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలన్నది 2012 నాటి పోక్సో చట్టం; అక్కడ మన ఇష్టాయిష్టాలకు తావు లేదు. ప్రేమ వ్యవహారాలు, బ్యాక్‌లాగులు, ఇంట్లో గొడవలు మాత్రం మన దగ్గరే ఆగిపోవాలి.

నిద్ర, తిండి, చదువు రెండు వారాలుగా గాడి తప్పినా, లేని గొంతులు వినబడుతున్నాయన్నా, తాగుడు అదుపు తప్పినా, అది మన ఓదార్పుతో తీరేది కాదు. కౌన్సిలరు దగ్గరికో, రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికో తోడు వెళ్లండి. "వెళ్లు" అనడం వేరు, ఓపీ చీటీ వరుసలో పక్కన నిలబడటం వేరు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, ప్రమాదకరమైన వస్తువులను దూరంగా పెట్టి, వెంటనే మేడమ్‌ను పిలవండి. ఆపద ముంచుకొస్తే 108కి ఫోను చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు చేస్తే రాత్రైనా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఏం చేయాలో మీకు తోచనప్పుడు మీరే ఆ నంబరుకు ఫోను చేయవచ్చు. ఆ నాలుగు రోజుల్లో నాకు ఈ నంబరు తెలియదు.

నంబర్ల కాగితాన్ని మెస్సు తలుపు మీద అంటించాను. నేను రెండో అంతస్తు చివరి గదిలో ఉంటాను.