సంబంధం విషయమై చిత్తూరు మునిరత్నం గారికి

తిరుపతి,
శుక్రవారం

గౌరవనీయులైన మునిరత్నం గారికి, సరోజమ్మ గారికి,

గంగాధరం నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ కుశలమని తలుస్తాను.

అసలు మాట మొదటే చెప్పేస్తాను. మా సౌమ్యకు, మీ హరీష్‌కు అనుకున్న సంబంధం మేము చేసుకోలేము. మా ఇంట్లో అందరం కూర్చుని, బాగా ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం ఇది. ఉత్తరం చివరిదాకా చదువుతూ ఎక్కడో ఒకచోట అవుననే మాట ఉంటుందేమోనని మీరు వెతుక్కోకూడదని పైనే రాశాను.

ఇలాంటిది మీ ఇంటికి వచ్చి చెప్పాలి, కనీసం ఫోనులోనైనా చెప్పాలి అని మా ఆవిడ అంది. ఆమె మాట న్యాయమే. కానీ ఉద్యోగమంతా తపాలా శాఖలో గడిపినవాడిని, నాకు కాగితం మీదే మాట నిలకడగా వస్తుంది. ఫోను చేశాననుకోండి, మీరు ‘బావగారూ, ఒక్క మాట’ అంటారు. అక్కడ నేను మెత్తబడి ‘సరే, చూద్దాం లెండి’ అంటాను. ఆ చూద్దాం పట్టుకుని మీరు ఇంకో నెల ఎదురుచూస్తారు. మీలాంటివారిని అలా తిప్పుకోవడం మర్యాద కాదు.

మొన్న ఆదివారం మీరు ఇంటిల్లిపాదీ వచ్చి వెళ్లినప్పటి నుంచి మా ఇంట్లో మీ గురించిన మాటే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు హాల్లో కుర్చీల అంచున కూర్చుని, పిల్లను ఒకటి రెండు ప్రశ్నలడిగి, గడియారం చూసుకుని లేవడమే మేము ఇంతవరకు ఎరుగుదుము. సరోజమ్మ గారు నేరుగా వంటింట్లోకి వెళ్లి, మా ఆవిడ వద్దంటున్నా కాఫీ గ్లాసులు తొలిచిపెట్టారు. వెళ్లేటప్పుడు సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన కనకాంబరాల మాల తీసి, సౌమ్య జడలో తన చేతులతో తురిమారు. మా అమ్మ మంచం పక్కన మీరు కూర్చుని, బంగారుపాళెం మార్కెట్లో ఈ ఏడు తోతాపురి ధర ఎలా పడిపోయిందో, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు ఎన్ని గంటలు నిలబడుతున్నాయో ఓపికగా చెప్పారు. ఆమెకు చెవులు సరిగా వినపడవు. అయినా ‘ఆ పెద్దమనిషి మళ్లీ ఎప్పుడు వస్తాడు’ అని రోజూ అడుగుతోంది. ఇవన్నీ మీ మనసు కరగాలని రాయడం లేదు. మేము వద్దంటున్నది మిమ్మల్ని కాదని మీకు తెలియాలి, అంతే.

హరీష్ గురించి కూడా ఒక మాట. పిల్లలిద్దరూ మేడ మీద మాట్లాడుకుని దిగాక సౌమ్యను అడిగాను. ‘మంచివాడు నాన్నా. నా ఉద్యోగం గురించి శ్రద్ధగా విన్నాడు, తన గురించి గొప్పలు చెప్పుకోలేదు’ అంది. నేను సంతోషపడేలోపే ‘కానీ ఆయనతో కలిసి బతకాలని నాకు అనిపించలేదు’ అంది. తెల్లవారాక వాళ్లమ్మ అడిగింది. బుధవారం నేను మళ్లీ అడిగాను. మాట మారలేదు. ఏ లోపం కనిపించిందో చెప్పమంటే, లోపం ఏమీ లేదనే చెబుతోంది.

ఇక్కడ నేను ఏదో ఒక కారణం అల్లి రాయవచ్చు. మన వైపు వాడుకలో ఉన్నదే, జాతకాలు కుదరలేదు అనడం. అలా రాస్తే మీరు శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయిద్దాం, దోషం పోతుంది అంటారు. పిల్ల ఇంకా ఉద్యోగంలో కుదురుకోవాలి అంటే, చేసుకోనివ్వండి, మేము వద్దన్నామా అంటారు. అనేవారు కూడా మీరే, నాకు తెలుసు. బెంగళూరు దూరమవుతుందంటే హరీష్ ఇంటి నుంచే పని చేస్తాడంటారు. నేను చెప్పే ప్రతి సాకుకూ మీ దగ్గర మంచి మనసుతో ఒక పరిష్కారం ఉంటుంది. దానికి నేను ఇంకో సాకు వెతకాలి. పైగా కాణిపాకం వినాయకుడు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో మీరున్నారు. ప్రమాణానికి నిలబడని మాట ఆ ఊరికి రాసి పంపడానికి నాకు చెయ్యి ఆడలేదు. ఉన్నదొకటే కారణం. పిల్ల మనసు ఒప్పుకోలేదు. దానికి పూజ లేదు, సర్దుబాటు లేదు.

ఇంకోసారి కలిసి మాట్లాడుకోనివ్వండి అని సరోజమ్మ గారు మా ఆవిడతో ఫోనులో అన్నారట. మేమూ అదే ఆలోచించాము. సౌమ్యే వద్దంది. ‘రెండోసారి వెళితే వాళ్లు సగం ఒప్పుకున్నట్టే అనుకుంటారు. ఆ తర్వాత వద్దంటే అబ్బాయిని అందరిలో చిన్నబుచ్చినట్టవుతుంది’ అంది. ఇరవై ఆరేళ్ల పిల్ల నాకన్నా దూరం ఆలోచించింది అనిపించింది.

మీ బంధువుల్లో రకరకాల ఊహలు వస్తాయి, సహజమే. ఇంతకన్నా పెద్ద సంబంధం చేతిలో ఉండి మేము ఇలా చేయడం లేదు. కట్నం ఊసు మా ఇంట్లో ఎత్తవద్దని మీ అంతట మీరే అన్నారు. ఆ మాట నిజంగా అనే మగపెళ్లివారు ఎంతమంది ఉంటారో, సంబంధాలు చూస్తున్న తండ్రిగా నాకు బాగా తెలుసు. సౌమ్య మనసులో మరెవరో ఉన్నారన్నదీ కాదు. ఉంటే మిమ్మల్ని చిత్తూరు నుంచి అంత ఎండలో రప్పించేవాళ్లమే కాదు. మధ్యవర్తిగా ఉన్న పుత్తూరు రామచంద్రయ్య గారు రెండు వైపులా ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన మీద దయచేసి కోపం పెట్టుకోవద్దు.

పీలేరులో ఉన్న మా బావమరిది చేత మాకు చెప్పించాలని మీరు ప్రయత్నించారని విన్నాను. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్ల మీద మీకున్న ఇష్టం కొద్దీ చేశారు. కానీ ఇకమీదట ఆయన ద్వారా గానీ, మరెవరి ద్వారా గానీ అడిగించవద్దని చేతులు జోడించి కోరుతున్నాను. ఎవరు అడిగినా మా జవాబు ఇదే. అడిగినకొద్దీ మా పిల్ల మనసు కష్టపడుతుంది, మీ మాట చిన్నదవుతుంది. హరీష్‌కు సౌమ్య తానే ఈ రోజు ఫోనులో రెండు మాటలు రాసి పంపుతానంది. ఆ తర్వాత ఆమెకు ఫోను చేయకుండా ఉంటే మంచిది. హరీష్ తెలిసిన పిల్లవాడు, అతనికి వేరే చెప్పనక్కరలేదు. ఇది వాళ్ల అత్తయ్యల కోసం రాస్తున్నాను.

మీ వాళ్లు ఏమైందని అడిగితే ఏం చెప్పాలన్నది పూర్తిగా మీ ఇష్టం. జాతకాలు కలవలేదన్నా సరే, మీరే వద్దనుకున్నారన్నా సరే. మీ నోట వచ్చిన మాటను మా వైపు నుంచి ఎవరూ కాదనరు. మీకు అబద్ధం రాయనన్నవాడిని, ఊరికి అబద్ధం చెప్పుకోమంటున్నానేమని నవ్వుకుంటారేమో. పెళ్లికాని పిల్లలు ఇద్దరూ రేపు వేరే ఇళ్లలో కుదురుకోవాలి కదా, దానికి అడ్డు రాకుండా ఉంటే చాలు.

శ్రావణంలో ముహూర్తానికని చిత్తూరులో కల్యాణ మండపానికి బయానా ఇవ్వబోతున్నట్టు నిన్న మీరు ఫోనులో అన్నారు. ఇవ్వకపోతే ఇక ఇవ్వవద్దు. ఇచ్చి ఉంటే వెంటనే వెళ్లి అడగండి. ఆషాఢంలో ముహూర్తాలు లేవు కాబట్టి శ్రావణం తేదీలకు గిరాకీ ఎక్కువ. ఇప్పుడే వదులుకుంటే వాళ్లకు మరొకరు దొరుకుతారు, మీ డబ్బు తిరిగి ఇవ్వడానికి పేచీ పెట్టరు. ఆలస్యమైతేనే తిరకాసు. ఒకవేళ వాళ్లు కొంత కోత పెట్టుకుంటే ఆ నష్టం మాకు చెప్పండి, మేము భరిస్తాము. ఇందులో మొహమాటం వద్దు.

సరోజమ్మ గారు సౌమ్యకు పెట్టిన ఆవపిండి రంగు పట్టుచీర మడత విప్పకుండా అలాగే ఉంది. పసుపు కుంకుమలతో పెట్టిన చీర తిరిగి పంపడానికి మా ఆవిడకు చాలా సంకోచంగా ఉంది. కానీ కోడలిని అనుకుని పెట్టిన చీర, రేపు మీ ఇంటికి వచ్చే అమ్మాయికి చెందాలి. మా దగ్గర ఉంచుకోవడం ధర్మం కాదు. మీరు తెచ్చిన బుట్టెడు బేనిషా పండ్లు మాత్రం తిరిగి పంపలేను. మా అన్నయ్య మనవలు సెలవులకు వచ్చి ఉన్నారు, టెంకలు కూడా మిగల్చలేదు.

మా తమ్ముడు వచ్చే గురువారం కాణిపాకం దర్శనానికి వస్తున్నాడు. దారిలో కట్టమంచిలో దిగి, పదిన్నర ప్రాంతంలో మీ ఇంటికి వచ్చి చీర, హరీష్ జాతకం, మీరిచ్చిన ఫొటోలు అప్పగిస్తాడు. ఫోనులోకి వచ్చిన ఫొటోలు మేము తీసేశాము. సౌమ్య ఫొటో, జాతకం అతని చేతికి ఇచ్చి పంపండి. మీ దగ్గర ఫోనులో ఉన్నవి కూడా తీసేయమని హరీష్ చెల్లెలికి చెప్పండి, ఆ పిల్ల చాలా ఫొటోలు తీసింది. మా తమ్ముడిని కూర్చోబెట్టి ఈ సంబంధం సంగతి అడగవద్దు. అతనికి ఈ ఉత్తరంలో ఉన్నంతే తెలుసు, పైగా నాకన్నా మొహమాటస్తుడు. మంచినీళ్లిచ్చి పంపితే చాలు. గురువారం మీకు వీలు కాకపోతే రామచంద్రయ్య గారికి కబురు చేయండి, వేరే రోజు వస్తాడు.

మా ఆవిడ సరోజమ్మ గారికి ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి
గంగాధరం