ఫ్లాట్ నం. 203లో నా భార్య, పాప వచ్చి ఉండే విషయం

నల్గొండ,
17 మార్చి 2025.

గౌరవనీయులైన యాదయ్య సార్ గారికి,

నమస్కారాలు. మీరు, అమ్మగారు వనస్థలిపురంలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పాప పుట్టిన సంగతి ఫోన్లో చెప్పినప్పుడు మీరిద్దరూ ఎంతో సంతోషపడ్డారు. ఇప్పుడు స్వాతి, పాప ఇంటికి వస్తున్నారు. ఫోన్ మాటగా వదిలేయకుండా మీ దగ్గర కాగితం మీద ఉండాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నిరుడు ఆగస్టులో రాసుకున్న పదకొండు నెలల అగ్రిమెంటులో ఫ్లాట్‌లో ఉండేది నేను, మా తమ్ముడు అని ఉంది. తమ్ముడు గ్రూప్స్ కోచింగ్ కోసం దసరా తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌కు వెళ్లిపోయాడు, అది మీకు తెలిసిందే. అప్పటి నుంచి నేనొక్కణ్ణే ఉంటున్నాను. స్వాతి పురుటికి మిర్యాలగూడలో తల్లిగారింట్లో ఉంది. పాప జనవరి 10న పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి ఆద్య అని పేరు పెట్టాం. మూడో నెల నడుస్తోంది కాబట్టి ఉగాది వెళ్లాక, ఏప్రిల్ 3 గురువారం నాడు తీసుకొస్తున్నాను. అంటే ఆ రోజు నుంచి 203లో ఉండేది మేమిద్దరం, పాప. మా అత్తమ్మ కూడా తోడు వస్తుంది గానీ బాలింతకు సాయంగా ఒక నెల రోజులు మాత్రమే. మే మొదటి వారంలో వెళ్లిపోతుంది. ఇంకెవరూ ఉండరు. తమ్ముడు పండుగలకు వస్తే రెండు రోజులు ఉండి పోతాడు, అంతే.

స్వాతి ఆధార్ జిరాక్సు, పాప బర్త్ సర్టిఫికెట్ జిరాక్సు దీనితో జత చేశాను. పాత అగ్రిమెంటు వెనక వైపే తమ్ముడి పేరు తీసేసి వీళ్ల పేర్లు రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకుంటే చాలని నాకు అనిపిస్తోంది. మీరు కొత్త బాండు పేపరు మీదే రాద్దామంటే సరే, ఆ ఖర్చు నాది. ఈ ఆదివారం నేను వనస్థలిపురం రాగలను, మీరు ప్రయాణం పెట్టుకోవద్దు. కిరాయి ఏడున్నర వేలు, మెయింటెనెన్స్ ఎప్పటిలాగే నెల మొదట్లో వేస్తాను. జూన్ ఆఖరుకు అగ్రిమెంటు అయిపోతుంది. కిరాయి సంగతి అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఇదే ఉంచమని మనవి. మనుషుల లెక్కన నీళ్లకు ఎక్కువ కట్టాలని అపార్ట్‌మెంట్ వాళ్లు అంటే ఆ తేడా నేనే కడతాను.

ఇక సార్, నేను ముఖ్యంగా అడగాలనుకున్నది వంటింటి నీళ్ల గురించి. మన డాబా మీద రెండు ట్యాంకులున్నాయి. ఒకటి బోరుది, ఒకటి నల్లాది. 203 వంటింట్లో సింకుకు వచ్చేది బోరు లైను ఒక్కటే. కెటిల్ అడుగున తెల్లటి పొర గట్టిగా పేరుకుపోయింది, చింతపండుతో తోమినా సగమే పోతోంది. పొరకు కారణం నీళ్ల గట్టిదనం అనుకోండి, కానీ మన నల్గొండ బోర్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పేది కాదు. ఆ కాలనీల్లో, ఊళ్లలో వంకర కాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు మీరు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇన్నాళ్లూ నేను సంపు దగ్గరి నల్లా నుంచి బిందె మోసుకుని తాగాను. బాలింత రెండంతస్తులు నీళ్లు మోయలేదు. పానగల్ ఉదయసముద్రం నుంచి వచ్చే కృష్ణా నీళ్లు మన డాబా మీదికే చేరుతున్నాయి కాబట్టి నల్లా ట్యాంకు నుంచి వంటింటి సింకు దాకా ఒక్క పైపు దింపితే సరిపోతుంది. ప్లంబర్‌ను చూపించాను. గోడ పగలగొట్టే పని లేదు, వెంటిలేటర్ పక్క నుంచి తేవచ్చట. పైపు, కూలి అన్నీ నావే. మేం ఖాళీ చేసినా ఆ లైను మీ ఇంటికే ఉంటుంది. మీరు సరేనంటే వాళ్లు వచ్చేలోపే చేయిస్తాను.

ఇంకో రెండు చిన్న మాటలు. పాప గుడ్డలు రోజూ ఆరేయాలి, పొద్దున పూట డాబా తాళం ఇమ్మని వాచ్‌మన్‌తో ఒక మాట చెప్పండి. పాపకు పద్నాలుగో వారం టీకా ఏప్రిల్ 18కి పడుతుంది. ఇక్కడి ఆశా కార్యకర్త పేరు రాసుకోవడానికి ఇంటికి వస్తానంది, ఆమెను గేటు దగ్గర ఆపొద్దని కూడా చెప్పండి. రాత్రిపూట పాప ఏడుస్తుంది, అది ఎవరి చేతిలోనూ లేదు. పక్క ఫ్లాట్ పెద్దమ్మకు నేనే ముందుగా చెప్పాను. "పిల్ల ఏడ్వక నువ్వేడుస్తావా" అని నవ్వి పంపించింది.

బెడ్‌రూం కిటికీకి దోమల జాలీ కొట్టిస్తున్నాను, మేకులు కాకుండా వెల్క్రోతో, ఫ్రేముకు గీత పడకుండా.

నీళ్ల లైను విషయం మాత్రం ఈ వారంలో ఫోన్ చేసి చెప్పండి సార్, ప్లంబర్‌కు మాట ఇవ్వాలి. మీరు, అమ్మగారు నల్గొండ వచ్చినప్పుడు తప్పకుండా ఇంటికి వచ్చి పాపను ఆశీర్వదించండి.

ఇట్లు,
మీ విధేయుడు,
నరేష్
ఫ్లాట్ నం. 203, రెండో అంతస్తు

జత: స్వాతి ఆధార్ జిరాక్సు, పాప బర్త్ సర్టిఫికెట్ జిరాక్సు