సస్పెన్స్ అకౌంట్

రాత్రి 9.40కి పెంచల ప్రసాద్ మీమ్ పంపాడు. సెకండియర్ బీకాం వాట్సాప్ గ్రూపులో చేరి ఏడాది దాటినా అప్పటిదాకా అతను పెట్టినవి రెండే మెసేజ్‌లు. ఒకటి "ఓకే". రెండోది "హాల్ టికెట్లు ఎప్పుడిస్తారు?" దానికి జవాబు రాలేదు.

ఫొటో తీసింది అతనే, ఆత్మకూరు బస్టాండు దగ్గర. షేర్ ఆటో. డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక కాలు పెట్టే సందు లేదు, ఒకడైతే కడ్డీ పట్టుకుని బయటే వేలాడుతున్నాడు, వీపు తప్ప ఏమీ కనపడదు. ముందు సీటు మీద "డెబిట్", వెనక "క్రెడిట్", వేలాడేవాడి మీద "సస్పెన్స్ అకౌంట్" అని రాశాడు. ఆ మధ్యాహ్నం అకౌంట్స్ సారు ఇచ్చిన ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ మొత్తం, క్రెడిట్ మొత్తం సగం క్లాసుకి టాలీ కాలేదు. తేడా 900. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు అటూఇటూ అయ్యాయేమో ముందు చూడాలి, 4,500 బదులు 5,400 పడ్డట్టు. చూసే ఓపిక ఎవరికుంది? తప్పు దొరికేదాకా తేడాని వేలాడదీసే చోటే సస్పెన్స్ అకౌంట్, అందరూ ఆ 900ని అందులో తోసి పుస్తకం మూశారు.

పంపాక మెసేజ్ మీద వేలు నొక్కిపెట్టి ఇన్ఫో తెరిచాడు. చదివినవాళ్లు 4. కాసేపటికి 11. తర్వాత 26. ఒక్క మాట లేదు. అప్పుడు ఫొటో అడుగున చిన్నగా వచ్చింది: 💀😭🙏 9.

దాన్ని తాకితే పేర్లు వచ్చాయి. పుర్రె ముగ్గురు, ఏడుపు ముగ్గురు, దండం ఇద్దరు. ఒకే ఒక్క 👍, జిలానీది. నవ్వు ముఖం ఒక్కటీ లేదు.

ప్రసాద్‌కి ఈ బొమ్మలు తెలిసింది ఇంటివాళ్ల గ్రూపులో. పోయిన నెల బుచ్చిలో పెదతాత పోయినప్పుడు అందులో వరసగా పడినవి ఇవే, 😭, 🙏. పుర్రె మాత్రం కొత్త. చచ్చావ్ పో అంటున్నారనుకున్నాడు. సారుకి ఎవరో చెప్పేశారు కాబోలు. ఏడ్చినవాళ్లలో సుభాషిణి కూడా ఉంది. లెక్క రాక బోర్డు దగ్గర నిలబడింది ఆ పిల్లే! తననే అన్నాననుకుందా? ఆ దండాలు "ఇక ఆపు సామీ" అని కాక మరేంటి? బొటనవేలు చూపిన జిలానీ ఒక్కడే మంచివాడు.

10.15కి మీమ్ మీద నొక్కిపెట్టి, చెత్తబుట్ట గుర్తు తాకి, అందరికీ డిలీట్ కొట్టాడు. ఫొటో పోయింది గానీ దాని చోట మెసేజ్ డిలీట్ అయిందన్న వరస మిగిలింది. చూడనివాళ్లకి కూడా ఏదో జరిగిందని చాటింపు వేసినట్టయింది. అది చూసి డేటా ఆపి పడుకున్నాడు.

పొద్దున క్లాసులో వెనక బెంచీకి పోతుంటే సుభాషిణి పిలిచింది.

"ఎందుకు తీసేసినావ్? మా చెల్లికి పంపుదామనుకున్నా."

"నువ్వు ఏడ్చావు గదా?"

"నవ్వి నవ్వి ఏడ్చా. అది కూడా తెలీదా నీకు?"

"మరి పుర్రె?"

"నవ్వలేక చచ్చామని," అన్నాడు పక్క బెంచీ మస్తాన్. "దండం పెట్టింది నేనే. ఆ బుర్రకి పెట్టినా. ఇంట్లోవాళ్ల గ్రూపు చూసి లెక్కలేసుకోబాకబ్బా."

ప్రసాద్ ముఖం వెలిగింది. "అయితే జిలానీకి కూడా నచ్చిందన్నమాట."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జిలానీ కిటికీ దగ్గర కూర్చుని ఇటు తిరగలేదు. అతని చొక్కా అప్పుడు చూశాడు ప్రసాద్. నీలం గళ్లు, భుజం దగ్గర కుట్టు విడిచి తెల్లదారంతో కుట్టి ఉంది. ఫొటోలో "సస్పెన్స్ అకౌంట్" అన్న అక్షరాలకి సరిగ్గా పైన ఉన్నది ఆ తెల్లదారమే.

వెళ్లి పక్కన నిలబడ్డాడు. మాట రావడానికి సమయం పట్టింది.

"నువ్వని తెలీదు."

"మా నాయన చూస్తే ఏమైతదో తెలుసా? ఆటోకి వేలాడబాకని ఇప్పటికి రెండుసార్లు కొట్టినాడు. మన గ్రూపులో మా చిన్నాన్న కొడుకు లేడా?"

"మరి బొటనవేలు పెట్టావే."

"సరేలే, కానీ అని పెట్టినా. అది నచ్చి పెట్టేదా?"

"తీసేశాగా."

"తీసేలోపు ఎంతమంది దాచుకున్నారో నీకేం తెలుసు?" జిలానీ ఇప్పుడు ఇటు తిరిగాడు. "మళ్లీ చెయ్. ఈసారి నువ్వెక్కి వేలాడు, నేను తీస్తా."

"ఆటో ఆగి ఉన్నప్పుడే."

"ఆగి ఉన్నప్పుడేలే. ముందు ఆ 900 యాడ పోయిందో చూపీ. సారొస్తున్నాడు."

ప్రసాద్ అతని పక్కనే కూర్చుని నోట్సు తెరిచాడు.