11-03-2025 మిర్చి కాల్: లెక్కల పట్టిక, పొంతన కుదరని చోట్లు

యజమాని గారికి,

సత్తెనపల్లి వైపు రైతు గారితో మన గుమాస్తా మంగళవారం ఉదయం మాట్లాడిన కాల్ రాతప్రతి పూర్తిగా చదివి, అందులోని అంకెలన్నీ కింద పెట్టాను. ఎవరు ఎంత అన్నారో అంతే రాశాను, ఏదీ సరిదిద్దలేదు. మొదటి గడిలో ఉన్నది కాల్‌లో నిమిషం, సెకను. 6:20 నుంచి 6:34 వరకు లారీ హారన్ వల్ల మాట వినపడలేదు. ఆ ముక్క నుంచి ఏమీ తీసుకోలేదు.

| సమయం | ఎవరు | విషయం | చెప్పిన అంకె | గుర్తు |
|---|---|---|---|---|
| 0:48 | రైతు | తెచ్చిన సరుకు | 120 టిక్కీలు | తేడా 1 |
| 1:30 | రైతు | లారీ కిరాయి, తానే ఇచ్చారు | రూ. 3,600 | సరే |
| 3:15 | గుమాస్తా | తేజ 96, తాలు 24 | 120 టిక్కీలు | తేడా 1 |
| 3:40 | గుమాస్తా | తేజ తూకం | 41.28 క్వింటాళ్లు | సరే |
| 3:52 | గుమాస్తా | తాలు తూకం | 9.12 క్వింటాళ్లు | తేడా 1 |
| 4:02 | గుమాస్తా | తేజ ధర, క్వింటాకు | రూ. 12,600 | తేడా 2 |
| 4:11 | గుమాస్తా | తాలు ధర, క్వింటాకు | రూ. 5,500 | సరే |
| 4:40 | గుమాస్తా | మొత్తం | "ఐదు లక్షల డెబ్బై వేలు చిల్లర" | సరే |
| 5:18 | గుమాస్తా | ఆషాఢంలో ఇచ్చిన అడ్వాన్సు | రూ. 1,50,000 | తేడా 3 |
| 5:50 | గుమాస్తా | డబ్బు ఇచ్చే రోజు | "వచ్చే శుక్రవారం, ఇరవై ఒకటికి" | తేడా 4 |
| 6:52 | రైతు | కాటా వేసినవి. అందులో తాలు 16 | 112 టిక్కీలు | తేడా 1 |
| 7:10 | రైతు | ప్రభుత్వం ప్రకటించిన ధర | రూ. 11,781 | ఈ లెక్కది కాదు |
| 7:31 | రైతు | తేజ ధర | "పన్నెండున్నర" | తేడా 2 |
| 8:05 | రైతు | అడ్వాన్సు బాకీ | రూ. 1,25,000 | తేడా 3 |
| 9:02 | రైతు | డబ్బు ఇచ్చే రోజు | "ఉగాది ముందు రోజు, శుక్రవారం" | తేడా 4 |

గుమాస్తా చెప్పిన అంకెలు వేసి చూస్తే తేజకు రూ. 5,20,128, తాలుకు రూ. 50,160, కలిపి రూ. 5,70,288. ఆయన నోటిమాటతో ఇది సరిపోయింది. రూ. 11,781 అనేది గిట్టుబాటు కోసం కేంద్రం ఫిబ్రవరిలో ప్రకటించిన ధర. రైతు మాటవరసకు అన్నారు, మన లెక్కలోకి రాదు.

తేడా 1, టిక్కీలు. దీన్ని ముందు చూడాలి. 120కీ 112కీ మధ్య 8 తాలు టిక్కీలు తేలడం లేదు. తాలు తూకం 9.12 క్వింటాళ్లను 24తో భాగిస్తే టిక్కీకి 38 కిలోలు వస్తుంది, అది సహజమే. 16తో భాగిస్తే 57 కిలోలు, అంత బరువున్న తాలు టిక్కీ ఉండదు. కాబట్టి 24 టిక్కీలూ కాటాకు ఎక్కినట్టే కనిపిస్తోంది. కానీ రైతు దగ్గరుండి చూశానంటున్నారు. ఆయన మాటే నిజమై, 8 టిక్కీలు కాటా వేయకుండా పక్కన ఉండిపోతే ఆ సరుకు ఆయనదే. టిక్కీకి 38 కిలోల చొప్పున దాని విలువ రూ. 16,720. కాటా చిట్టా, ముఠా కూలీల లెక్క రెండూ చూసి తేల్చుకోవాలి.

తేడా 2, ధర. పన్నెండున్నర అంటే 12,500. రైతు తనకే నష్టమయ్యే అంకె చెప్పారు కాబట్టి అది ఉజ్జాయింపు మాట అనుకుంటున్నాను. అయినా తేజ తూకం మీద రూ. 4,128 తేడా పడుతుంది. ఆయన ఒప్పుకున్నారని తక్కువ ధర కట్టడం న్యాయం కాదు. వేలం చీటీలో ఉన్న ధరే తక్‌పట్టీలో రావాలి.

తేడా 3, అడ్వాన్సు. ఇద్దరి మాటా నిజం కావచ్చు. సంక్రాంతికి రూ. 25,000 కట్టానని 8:12 దగ్గర రైతు అన్నారు. ఆ మొత్తం తీసేస్తే లక్షన్నర లక్షా ఇరవై ఐదు వేలవుతుంది. గుమాస్తా అవునూ అనలేదు, కాదూ అనలేదు, మాట మార్చేశారు. జనవరి నెల జమాలు చూడాలి. అక్కడ లేకపోతే ఎవరి చేతికి ఇచ్చారో రైతునే అడగాలి.

తేడా 4, తేదీ. మార్చి 21 శుక్రవారమే. కానీ మంగళవారం నాడు "వచ్చే శుక్రవారం" అంటే 14 అని కూడా అనుకోవచ్చు. రైతు మాటలో చిక్కు వేరు. ఈ ఏడు ఉగాది మార్చి 30, ఆదివారం. ముందు రోజు శనివారం 29, శుక్రవారం 28. అంటే ఆయన మనసులో ఉన్నది 28 కావచ్చు, 29 కావచ్చు. పండగ ఖర్చుకు ఈ డబ్బే ఆధారమని కూడా అన్నారు, అందుకే తేదీ అంకెతో సహా చెప్పాలి.

ఈ నాలుగూ తేలేవరకు చివరి చెల్లింపు అంకె వేయడం లేదు. కాటా చిట్టా, వేలం చీటీ, జనవరి ఖాతా పుస్తకం బల్ల మీద పెట్టించండి. మీరు సరేనంటే రైతుకు నేనే ఫోన్ చేసి ఇలా అడుగుతాను: "అయ్యా, తాలు టిక్కీలు కాటాకు ఎన్ని ఎక్కాయి, పక్కన ఏమన్నా మిగిలాయా? సంక్రాంతికి కట్టిన పాతిక వేలు ఎవరికి ఇచ్చారు, చీటీ ఉందా? డబ్బు మార్చి 21కి ఇస్తామని మావాళ్లు అన్నారు, మీకు అర్థమైన తేదీ ఏది?"