వయొలిన్ నాలుగో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్ష: పరీక్షకురాలి నివేదిక

వాయించినవి: మోహన రాగంలో ఆది తాళ వర్ణం, రెండు కాలాల్లో. కల్యాణిలో కొద్దిపాటి ఆలాపన, ఆది తాళ కృతి, కల్పన స్వరాలు.
మార్కులు: శ్రుతి 25కి 20, లయ 25కి 20, భావం 25కి 16, వాద్య నైపుణ్యం 25కి 15. మొత్తం 100కి 71.

అమ్మా, ముందుగా నీ చెవి గురించి చెప్పాలి. చాలా మంచి చెవి నీది. తంబూరా పెట్టగానే నాలుగు తంత్రులూ స-ప-స-పలకు తొందరపడకుండా కలుపుకున్నావు. వర్ణం సగంలో మొదటి తంత్రి పంచమం కాస్త జారితే, ఆవర్తం పూర్తికాగానే సరిచేసుకున్నావు. టెన్షన్‌లో ఉన్న విద్యార్థులు చాలామంది ఆ జారుడు గమనించనే గమనించరు.

ఇక శ్రుతి తప్పిన చోటు ఒక్కటే, కానీ మళ్లీ మళ్లీ తప్పింది. తారస్థాయి గాంధారం వర్ణంలో వచ్చిన ప్రతిసారీ ఒక వెంట్రుకవాసి తక్కువగా పడి, తర్వాత పైకి పాకింది. అదే గాంధారం ఆలాపనలో నెమ్మదిగా చేరుకున్నప్పుడు తంబూరాలో కలిసిపోయింది. కాబట్టి స్వరం ఎక్కడుందో నీకు తెలుసు. చెయ్యే సమయానికి అక్కడికి చేరడం లేదు. అందుకే శ్రుతిలో ఎక్కువ మార్కులు తగ్గించలేదు, ఆ తగ్గింపు వాద్య నైపుణ్యంలో కనిపిస్తుంది.

కారణం నీ ఎడమ బొటనవేలు. తారషడ్జం దాటాక వయొలిన్ మెడను గట్టిగా నొక్కి పట్టుకుంటున్నావు. వేళ్లు పైకి జారాలని చూస్తుంటే బొటనవేలు కిందే ఆగిపోతోంది. చెయ్యంతా కలిసి జరగాల్సిన చోట వేలు ఒక్కటే చాపుతున్నావు. మంద్ర, మధ్య స్థాయుల్లో ఈ బిగుతు లేదు, అక్కడ జారులు నున్నగా వచ్చాయి. వాద్యం పాదం మీద సరిగ్గా ఆనితే దాని బరువు చేతికి ఉండదు, పట్టుకోవాల్సిన అవసరమూ ఉండదు. నువ్వు కూర్చున్న తీరులో కుడి మోకాలు లేచి ఉంది, వాద్యం తల పాదం మీంచి జారుతోంది. ముందు అది సరిచెయ్యి.

లయ బాగుంది. వర్ణం రెండో కాలం మొదటిదానికి సరిగ్గా రెట్టింపుగా నిలిచింది, చిట్టస్వరంలోనూ పరుగెత్తలేదు. కృతి పల్లవి సమం దాటి అర అక్షరానికి ఎత్తుకోవాలి. ఎత్తుకున్న ప్రతిసారీ ఖచ్చితంగా పడింది. స్వరకల్పనలోనే ఒకచోట దొర్లింది. మూడో విడతలో స్వరాలు సమానికే ముగించి, వెంటనే పల్లవి అందుకున్నావు, అంటే రెండు మాత్రలు ముందే వచ్చేశావు. తర్వాతి ఆవర్తంలో కంగారు పడకుండా దారిలో పడ్డావు, దానికి ఒక మార్కు కలిపాను. నీ స్వరాలన్నీ నాలుగేసి గుంపులుగా వస్తున్నాయి. అందుకే చివర మిగిలే ఆ రెండు మాత్రలకు నీ దగ్గర స్వరం ఉండటం లేదు. ముగింపు ముందు ఆలోచించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ సాధన చెయ్యి.

భావం దగ్గర కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నీలో అది ఉంది, బయటికి రావడం లేదు. ఆలాపనలో ప్రతిమధ్యమం మీద ఆగి, పంచమానికి వెళ్లకుండా ధైవతానికి దాటిన ఆ ఒక్క సంచారం విని నేను కలం పక్కన పెట్టాను. అది కల్యాణి. కానీ కృతిలోకి వచ్చేసరికి సంగతులన్నీ ఒకే బలంతో, ఒకే పొడవుతో వరసగా వాయించావు. పైగా అనుపల్లవి మొదటి పాదంలో మాట మధ్యలో బో తిప్పావు. పాడేవాళ్లు అక్కడ ఊపిరి తీసుకుంటే మాట రెండు ముక్కలవుతుంది. వయొలిన్ మీద కూడా అదే జరిగింది. నీకు ఆ సాహిత్యం నోటికి వచ్చా అని అడిగితే పల్లవి మాత్రమే చెప్పగలిగావు. చరణం వరకూ కంఠతా పట్టి, పాడుతూ, ఎక్కడ ఊపిరి తీస్తున్నావో చూసి, అక్కడే బో తిప్పు.

బో గురించి ఇంకో మాట. మధ్యలో మూడో వంతు మాత్రమే వాడుతున్నావు. దీర్ఘ స్వరం సగంలోనే బో అయిపోయి, తిప్పక తప్పడం లేదు. కొసకు వెళ్లినప్పుడు బో వంకరగా ఫింగర్ బోర్డు వైపు జారి నాదం పలచబడుతోంది. బ్రిడ్జికి సమాంతరంగా, ఒక్కో తంత్రి మీద ఎనిమిది అక్షరాల పాటు ఒకే బో, రోజూ పావుగంట. ఒత్తిడి పెంచకు, పొడవు పెంచు.

పైమెట్టుకు అర్హత ఇస్తున్నాను. వచ్చే మూడు నెలలు కొత్త కృతులు ఎక్కించకుండా, ఇదే వర్ణాన్ని తారస్థాయి భాగంతో మొదలుపెట్టి, బొటనవేలు వదులుగా ఉంచి మొదటి కాలంలోనే సాధన చేయించమని మీ గురువుగారికి విడిగా రాశాను.