విషయం: బిల్లు నం. 42 (తేదీ 7-7-2025), బకాయి రూ.1,49,160, సెప్టెంబరు 15లోగా చెల్లించవలసిందిగా విన్నపం

తేదీ: 8 సెప్టెంబరు 2025, మంగళగిరి
నకలు: మీ దుకాణం అకౌంట్స్ విభాగానికి

రవీంద్ర గారికి,

నమస్కారం. మీరు, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

శ్రావణమాసం అమ్మకాల కోసం మీరు తెప్పించుకున్న చీరల బిల్లులో రూ.1,49,160 ఇంకా రావలసి ఉంది. గడువు ఆగస్టు 8తో ముగిసింది. ఈ రోజుకు సరిగ్గా నెల దాటింది. ఈ మొత్తాన్ని సెప్టెంబరు 15, సోమవారం లోపల మా ఖాతాకు పంపవలసిందిగా కోరుతున్నాను.

మీ అకౌంట్స్ వారికి వెతుక్కునే పని లేకుండా లెక్క మొత్తం ఇక్కడే రాస్తున్నాను.

నిజాం అంచు నూలు చీరలు 48, ఒక్కొక్కటి రూ.1,850 చొప్పున: రూ.88,800
సీకో చీరలు 24, ఒక్కొక్కటి రూ.4,600 చొప్పున: రూ.1,10,400
ఐజీఎస్టీ 5 శాతం: రూ.9,960
బిల్లు మొత్తం: రూ.2,09,160
జూన్ 12న మీరు పంపిన అడ్వాన్సు: రూ.60,000
రావలసినది: రూ.1,49,160

సరుకు జులై 9న హైదరాబాదులో మీ దుకాణానికి చేరింది. మీ సిబ్బంది పెట్టెలు విప్పి, చీరలు లెక్క చూసుకుని, రసీదు మీద సంతకం చేసి ముద్ర వేశారు. సరుకు అందిన 30 రోజుల్లో మిగతా సొమ్ము ఇస్తామని జూన్ 10న మీరు రాసిన మెయిల్‌లోనే ఉంది. దాని ప్రకారం ఆఖరు రోజు ఆగస్టు 8. అది వరలక్ష్మీ వ్రతం నాటి శుక్రవారం. మీ దుకాణం ఎంత రద్దీగా ఉంటుందో తెలుసు కాబట్టి ఆ రోజు నేను ఫోను చేయలేదు. సోమవారం, 11న, వాట్సాప్‌లో గుర్తు చేశాను. 18న ఫోను చేస్తే మీరు ఊళ్లో లేరని, రాగానే చెక్కు మీద సంతకం అవుతుందని మీ అకౌంటెంటు గారు చెప్పారు. 22న మీరే మాట్లాడి, వినాయక చవితి వెళ్లగానే పంపిస్తానన్నారు. చవితి 27న వెళ్లింది. 30న పంపిన సందేశాన్ని మీరు చూసినట్టు కనిపిస్తోంది కానీ బదులు రాలేదు. అందుకే ఈసారి అన్నీ ఒకచోట ఉండేలా మెయిల్ రాస్తున్నాను.

సరుకు గురించి మీకేదైనా అసంతృప్తి ఉండి సొమ్ము ఆపారేమోనని కూడా ఆలోచించాను. రంగు దిగిందనో, అంచు సరిగా కుదరలేదనో మీ నుంచి ఒక్క మాట రాలేదు. పైగా నిజాం అంచువి త్వరగా అయిపోతున్నాయని, దీపావళికి మరో 30 కావాలని ఆగస్టు 2న మీరే రాశారు. ఆ మాట చదివి మా మగ్గాల దగ్గర అందరం సంతోషపడ్డాం. ఒకవేళ మీ మనసులో ఏదైనా ఫిర్యాదు ఉంటే ఇప్పుడైనా చెప్పండి, ఫలానా చీర అని చూపించండి. నా వైపు తప్పుంటే సరిచేస్తాను. ఏమీ చెప్పకుండా సొమ్ము ఆపడం మాత్రం న్యాయం కాదు.

2022లో మీరు మొదటిసారి మంగళగిరి వచ్చిన రోజు నాకు గుర్తుంది. మగ్గం గుంట గట్టు మీద కూర్చుని, నేస్తున్న చీర అంచును వేళ్లతో పట్టి చూసి, ఇంత ఒత్తు నేత ఈ మధ్య చూడలేదన్నారు. అప్పటి నుంచి ఈ మూడేళ్లలో మీ చెల్లింపు వారం రోజులకు మించి ఆలస్యం కాలేదు. మీరు మాట తప్పే మనిషి కారని నమ్మకం ఉంది కాబట్టే ఇన్నాళ్లు ఆగాను, సొమ్ము అవసరం లేక కాదు. నా దగ్గర 14 మగ్గాలే ఉన్నాయి. నెల రోజులు లక్షన్నర ఆగిపోతే తట్టుకునే స్తోమత నాకు లేదు.

ఆ సొమ్ము ఎవరికి చేరవలసిందో మీకు తెలియాలి. నూలు చీర ఒక్కటి దిగాలంటే మా దగ్గర రెండు రోజుల నేత. అంతకు ముందు రంగుల అద్దకం, పడుగు సాగదీసి గంజి పెట్టడం, పోగు పోగుకూ అచ్చు అతకడం, ఇవన్నీ వేరే చేతుల పని. ప్రతి శనివారం సాయంత్రం మజూరీ పుస్తకం తెరుస్తాను. చీర అమ్ముడయిందా, డబ్బు వచ్చిందా అని నేతగాళ్లు నన్ను అడగరు, అడగవలసిన పని కూడా వారికి లేదు. దిగిన చీరకు మజూరీ ఇవ్వాలి, అంతే. ఆగస్టు వానలకు గుంటల్లో నీరు ఊరి నాలుగు మగ్గాలు ఎనిమిది రోజులు ఆగాయి. ఆ వారం వారికి సంపాదన లేదు. మొన్న శనివారం మూడో మగ్గం మీద నేసే ఆమె కూతురి కాలేజీ ఫీజుకు ముందుగా రూ.6,000 అడిగింది. రూ.2,000 చేతిలో పెట్టి, మిగతాది వచ్చే వారం ఇస్తానన్నాను. ఆమె ఏమీ అనలేదు. నోట్లు మడిచి కొంగున ముడివేసుకుని వెళ్లి మళ్లీ గుంటలో కూర్చుంది. మీ శ్రావణమాసం చీరల్లో తొమ్మిది ఆమె నేసినవే.

సూరత్ జరీ, పట్టు నూలు తెప్పించిన బాకీలు జులైలోనే తీర్చేశాను. మీ బిల్లు మీది పన్నును కూడా జులై రిటర్నులో చూపించి ఆగస్టులో కట్టాను. ఆగస్టు 30 నాటి మజూరీలకు చేతిలో డబ్బు లేక బ్యాంకులో బంగారం పెట్టి తెచ్చాను. ఆ వడ్డీ ఇప్పుడు నేను కడుతున్నాను.

రవీంద్ర గారూ, వ్యాపారంలో చేయి ఆడని రోజులు ఎవరికైనా వస్తాయి. మీకు అలాంటి ఇబ్బందే ఉంటే దాచవద్దు. మొత్తం ఒకేసారి పంపడం కష్టమైతే సెప్టెంబరు 12లోగా రూ.75,000, మిగిలిన రూ.74,160 సెప్టెంబరు 25లోగా పంపండి. దసరాకు ముందే నా వాళ్లకు నేను మొహం చూపించగలుగుతాను. అయితే ఇలా రెండు విడతలుగా ఇస్తానని 11వ తేదీ గురువారం సాయంత్రంలోగా ఈ మెయిల్‌కు జవాబుగా రాసి పంపాలి. ఫోనులో చెప్పిన మాట ఇక చాలదు. ఈ రెండు పద్ధతుల్లో దేని ప్రకారం చెల్లించినా ఆలస్యానికి మీ దగ్గర ఒక్క రూపాయి వడ్డీ అడగను.

దీపావళి ఆర్డరు సంగతి. మీ మాట మీద మూడు మగ్గాలపై పడుగు ఎక్కించాం, 11 చీరలు దిగాయి కూడా. పాత బాకీ తీరేవరకు అందులో ఒక్క చీర కూడా మంగళగిరి దాటదు. 15వ తేదీకి సొమ్ము గానీ, 11వ తేదీకి మీ లిఖితపూర్వక జవాబు గానీ అందకపోతే ఆ చీరలు వేరే దుకాణాలకు ఇచ్చేస్తాను. పండుగల ముందు నిజాం అంచుకు అడిగేవాళ్లు ఉన్నారు. అవి మీ దగ్గరికే రావాలన్నది నా కోరిక.

ఇక రాయడానికి నాకు ఇష్టం లేకపోయినా రాయక తప్పని విషయం ఒకటి ఉంది. మాది ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ తయారీ సంస్థ. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా ముద్రించి ఉంటుంది. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006లోని 15వ సెక్షన్ ప్రకారం మాలాంటి వారికి ఒప్పుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటరాదు. ఒప్పుకున్న గడువు దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ పడుతుంది, అదీ నెలనెలా అసలులో కలుస్తూ. ఇప్పుడు బ్యాంకు రేటు 5.75 శాతం కాబట్టి అది ఏడాదికి 17.25 శాతం. మీ బకాయి మీద మొదటి నెలకే రూ.2,144 అవుతుంది.

మీ ఆడిటరు గారిని మరో రెండు సంగతులు అడిగి చూడండి. మాలాంటి చిన్న తయారీదారుకు గడువు దాటిన బకాయిని మార్చి 31లోగా తీర్చకపోతే, ఆదాయపు పన్ను చట్టం 43బి సెక్షన్ కింద ఆ కొనుగోలును ఈ ఏడాది ఖర్చుగా చూపుకోవడం కుదరదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో, అంటే 2026 జనవరి 3 నాటికి, చెల్లించకపోతే మీరు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టవలసి వస్తుంది. ఆలస్యం వల్ల మీకు కూడా మిగిలేదేమీ లేదు.

15వ తేదీ దాటినా సొమ్ము రాకపోతే, మీ నుంచి రాతపూర్వక హామీ కూడా లేకపోతే, 16వ తేదీన సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు పెడతాను. ఆగస్టు 9 నుంచి లెక్క కట్టిన వడ్డీ కూడా అందులో అడుగుతాను. కొనుగోలుదారు వేరే రాష్ట్రంలో ఉన్నా మా రాష్ట్ర కౌన్సిల్ దాన్ని విచారించవచ్చు. దీన్ని బెదిరింపుగా తీసుకోవద్దు. రేపు నేను దరఖాస్తు పెడితే ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదని మీరు అనుకోకూడదు, అందుకే తేదీతో సహా రాస్తున్నాను.

సొమ్ము పంపే ఖాతా బిల్లు అడుగున ఉన్నదే, జూన్‌లో మీరు అడ్వాన్సు పంపింది కూడా దానికే. అది మారలేదు. మా పేరు చెప్పి ఎవరైనా వేరే నంబరు ఇస్తే నమ్మవద్దు, నాకు ఫోను చేయండి. పంపిన వెంటనే యూటీఆర్ నంబరు ఈ మెయిల్‌కు జవాబుగా పెడితే ఆ రోజే రసీదు పంపుతాను. ఈ మెయిల్ మీకు చేరేలోపే సొమ్ము పంపి ఉంటే ఆ నంబరు ఒక్కటి చెప్పండి చాలు.

బిల్లు నకలు, సంతకం ఉన్న డెలివరీ రసీదు, ఈ-వే బిల్లు, జూన్ 10 నాటి మీ మెయిల్, ఉద్యమ్ ధ్రువపత్రం దీనికి జత చేశాను. ఏది తెరుచుకోకపోయినా చెప్పండి, మళ్లీ పంపుతాను.

ఉదయం పదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి వరకు ఫోను నా దగ్గరే ఉంటుంది. గురువారం సాయంత్రంలోగా మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
పద్మావతి
చేనేత చీరల తయారీదారు, మంగళగిరి