అమ్మాయి కాలేజీ ఫీజు: 2025-26 వాయిదాల లెక్క

బావగారూ,

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూసి వేసిన లెక్క ఇది. అక్కకీ చదివి వినిపించండి. చీటీ డబ్బు, పాల బిల్లు తన చేతి మీదుగానే వస్తాయి కదా, లెక్క సగం ఆమెదే.

ముందుగా ఒక సంగతి. ఆ బొమ్మలో కింద వేసిన మొత్తం 1,26,500. అందులోని పద్దులన్నీ కూడితే మాత్రం 1,31,500 వస్తోంది. ట్యూషన్ ఫీజు 84,000, స్పెషల్ ఫీజు 8,000, యూనివర్సిటీ ఫీజు 2,500, బస్సు 32,000. ఈ నాలుగూ కలిపితేనే 1,26,500. ఐదో వరుసలో చిన్న అక్షరాలతో ఉన్న కాషన్ డిపాజిట్ 5,000ని మొత్తంలో కలపలేదు. చదువయ్యాక తిరిగొచ్చే డబ్బు కాబట్టి ఫీజుగా చూపలేదేమో గానీ, ఇప్పుడు మన జేబులోంచి పోయేది పోయేదే. కౌంటర్ దగ్గర హఠాత్తుగా 5,000 తక్కువ పడకుండా మొదటి వాయిదాలోనే కలిపాను.

బస్సు అంకె వాట్సాప్‌లో మసకబారి 32,000లాగా, 82,000లాగా రెండు విధాలా కనిపిస్తోంది. 1,26,500లోంచి మిగతా మూడు పద్దులు తీసేస్తే 32,000 మిగులుతుంది కనుక అది 3 అంకే. ఇకమీదట ఇలాంటివి ఫొటోలాగా కాకుండా డాక్యుమెంట్‌లాగా పంపమని అమ్మాయికి చెప్పండి, అంకెలు చెదరవు.

అడ్మిషన్ నాడు కట్టిన 10,000 రసీదు మీద "ట్యూషన్ ఫీజు అడ్వాన్స్" అని ఉంది. అందుకని మొదటి వాయిదా ట్యూషన్‌లో తగ్గించాను. 84,000లో సగం 42,000, అందులో 10,000 పోను 32,000. దానికి స్పెషల్ ఫీజు, యూనివర్సిటీ ఫీజు, డిపాజిట్ కలిపితే 47,500. ట్యూషన్‌లో మిగతా సగం రెండు సమాన భాగాలుగా నవంబరులో, ఫిబ్రవరిలో. బస్సుకు 60 శాతం సెప్టెంబరులో, 40 శాతం జనవరిలో.

| వాయిదా | కట్టాల్సింది (రూ.) | కాలేజీ గడువు | మన గడువు |
|---|---|---|---|
| 1. ట్యూషన్, ఇతర ఫీజులు, డిపాజిట్ | 47,500 | 30-08-2025, శనివారం | 25-08-2025, సోమవారం |
| 2. బస్సు మొదటి భాగం | 19,200 | 15-09-2025, సోమవారం | 11-09-2025, గురువారం |
| 3. ట్యూషన్ | 21,000 | 30-11-2025, ఆదివారం | 26-11-2025, బుధవారం |
| 4. బస్సు రెండో భాగం | 12,800 | 15-01-2026, గురువారం | 08-01-2026, గురువారం |
| 5. ట్యూషన్ | 21,000 | 28-02-2026, శనివారం | 24-02-2026, మంగళవారం |

ఐదూ కలిపితే 1,21,500. కట్టేసిన 10,000 కలిపితే 1,31,500, లెక్క సరిపోయింది.

మన గడువులు ముందుకు జరపడానికి కారణం సెలవులు. ఆగస్టు 27న వినాయక చవితి. సెప్టెంబరు 13 రెండో శనివారం, 14 ఆదివారం, అంటే 15న కడదామనుకుంటే చేతిలో ఉండేది ఆ ఒక్క రోజే. నవంబరు 30 ఆదివారం. జనవరి 15 సంక్రాంతి, ఆ వారమంతా కాలేజీలో ఎవరూ దొరకరు. ఫిబ్రవరి 28 నాలుగో శనివారం, బ్యాంకులు ఉండవు. ఆన్‌లైన్‌లో ఏ రోజైనా కట్టొచ్చు నిజమే. డబ్బు కట్ అయి రసీదు రాకపోతే అడగడానికి మాత్రం అవతల మనిషి ఉండాలి.

ఇక జరిమానా. ఈ లెక్కలో జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇదే. స్క్రీన్‌షాట్ ప్రకారం ట్యూషన్ వాయిదాకి గడువు దాటిన మొదటి 15 రోజులు రోజుకు 50, ఆ తర్వాత రోజుకు 100. 30 రోజులు దాటితే మిడ్ పరీక్షలకు కూర్చోనివ్వరు. బస్సుకు మాత్రం ఒకేసారి 200, పైగా కట్టేదాకా పాస్ పనిచేయదు.

రోజుకు 50 అన్నది బాకీ ఎంతన్న దానితో సంబంధం లేకుండా పడేలానే కనిపిస్తోంది, కాలేజీలో అడిగి ఖాయం చేసుకోవాలి. 21,000 మొత్తం ఆగినా 50, అందులో 2,000 ఆగినా 50. రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెస్తే 21,000 మీద రోజుకు 14 రూపాయలు, 2,000 మీద రూపాయి ముప్పావలా కూడా కాదు. పెద్ద మొత్తం ఆగినప్పుడే కాలేజీ జరిమానా మన ఊరి వడ్డీకి మూడున్నర రెట్లుంది. చిన్న మొత్తం ఆగితే ఇక లెక్కే లేదు. "కాస్తే కదా తక్కువ, పత్తి డబ్బు వచ్చాక కలిపి కడదాం" అనుకోవడమే అన్నిటికంటే ఖరీదైన పద్ధతి. ఆ కాస్తా ఎవరి దగ్గరైనా తెచ్చి గడువులోపు పూర్తిగా కట్టేయండి.

ఈ ఇబ్బంది వచ్చేది మూడో వాయిదాకే. ఇప్పుడు బ్యాంకులో 55,000 ఉన్నాయన్నారు. మొదటి వాయిదా కట్టాక 7,500 మిగులుతుంది. సెప్టెంబరు మొదటి వారంలో అక్క చీటీ 18,000 వస్తే 25,500. బస్సుకి 19,200 పోతే 6,300. పాల బిల్లులోంచి నెలకు 3,500 చొప్పున సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పక్కన పెడితే 10,500. మొత్తం 16,800. కావలసింది 21,000. 4,200 తక్కువ.

మొదటి తీత పత్తి అమ్మినా డబ్బు చేతికొచ్చేసరికి డిసెంబరు పది అవుతుందని మీరే అన్నారు. ఆగితే 10 రోజులకు 500 జరిమానా. 4,200 రెండు రూపాయలకు తెచ్చి 15 రోజులు వాడుకుంటే వడ్డీ 42 రూపాయలు. వానలు పడి పత్తి తడిసి డిసెంబరు నెలాఖరు దాకా పోయిందనుకోండి, 31 రోజులకు జరిమానా 750, 1,600 కలిపి 2,350, పైగా మిడ్ పరీక్షల గొడవ. అదే 4,200కి నెల వడ్డీ 84. బ్యాంకులో బంగారం పెడితే రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది గానీ ఇంత చిన్న మొత్తానికి ఆ తిరుగుడు అనవసరం.

పత్తి డబ్బు రాగానే ఒకేసారి 41,042 తీసి అక్క అకౌంట్లో వేసేయండి. చేబదులుకి 4,242, జనవరి బస్సుకి 12,800, ఫిబ్రవరి ట్యూషన్‌కి 21,000, రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజులకి నా అంచనాగా 3,000. కూడితే 41,042. పరీక్ష ఫీజు స్క్రీన్‌షాట్‌లో లేదు, "ఎగ్జామ్ ఫీజు ఎక్స్‌ట్రా" అని మాత్రం ఉంది. నోటిఫికేషన్ వచ్చాకే అసలు అంకె తెలుస్తుంది. ఫిబ్రవరి వాయిదాను మిర్చి మీద పెట్టుకోవద్దు. కళ్లంలో ఎండి, యార్డుకు వెళ్లి, పట్టీ చేతికొచ్చేసరికి మార్చి అవుతుంది, ధర కోసం కోల్డ్ స్టోరేజీలో పెడితే ఇంకా ఆలస్యం.

జరిమానా దానంతటదే కనబడేలా అమ్మాయిని గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక చేయమనండి. A నిలువు వరుసలో వాయిదా పేరు, B లో కాలేజీ గడువు, C లో కట్టిన తేదీ (కట్టకపోతే ఖాళీ). D2 లో రోజులు, E2 లో జరిమానా:

```
D2: =MAX(0,IF(C2="",TODAY(),C2)-B2)
E2: =MIN(D2,15)*50+MAX(0,D2-15)*100
```

బస్సు వాయిదాల అడ్డు వరుసల్లో E ఫార్ములా పెట్టకూడదు, ఆలస్యమైతే 200 అని చేత్తో వేయాలి. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్ ఇండియా అని లేకపోతే 08-01-2026 అని కొడితే ఆగస్టు 1 అయి కూర్చుంటుంది. 30-08-2025 అయితే తేదీగానే తీసుకోదు, D లో ఎర్రర్ వస్తుంది. D లో రోజుల బదులు 1900 నాటి తేదీ కనబడితే ఆ నిలువు వరుస ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చాలి.

కట్టేటప్పుడు పోర్టల్‌లో కార్డు కంటే యూపీఐ ఎంచుకోండి, కార్డుకు పైన చార్జీ వేసే అవకాశం ఉంది. 47,500 అయినా లక్ష లోపే కనుక సాధారణంగా యూపీఐలో ఒకేసారి వెళ్తుంది. మీ బ్యాంకు యాప్‌లో మీరే తక్కువ పరిమితి పెట్టుకుని ఉంటే ముందు రోజే మార్చుకోండి. డబ్బు పోయి రసీదు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టొద్దు. యూపీఐ యాప్‌లో ఉండే 12 అంకెల రిఫరెన్స్ నంబరు రాసుకుని అకౌంట్స్ సెక్షన్‌కి పంపండి. ఫోన్‌లో "సక్సెస్" అని చూపించే బొమ్మ రసీదు కాదు. రోల్ నంబరు, వాయిదా పేరు ఉన్న కాలేజీ రసీదే లెక్క. కాషన్ డిపాజిట్‌కి విడిగా రసీదు అడిగి నాలుగేళ్లూ దాచాలి.

సోమవారం అమ్మాయి కాలేజీకి వెళ్లినప్పుడు అకౌంట్స్ కౌంటర్లో ఇచ్చేలా ఈ కాగితం రాశాను. జవాబులు దాని మీదే రాయించి, స్టాంపు వేయించుకుని రమ్మనండి.

"అయ్యా, మా అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరం, కన్వీనర్ సీటు. అడ్మిషన్ రసీదు జిరాక్స్ జత చేశాం. దయచేసి ఇవి చెప్పండి. అడ్వాన్స్ 10,000 మొదటి వాయిదాలో తగ్గుతుందా, చివరి వాయిదాలోనా? వాయిదాలో కొంత కడితే జరిమానా ఆగుతుందా, లేక పూర్తిగా కట్టేదాకా నడుస్తుందా? గడువు తేదీ సెలవైతే మర్నాడు కట్టడానికి వీలుందా? జరిమానా లెక్కకు మేం కట్టిన రోజు చూస్తారా, డబ్బు కాలేజీ ఖాతాలో పడిన రోజు చూస్తారా?"

మొదటి ప్రశ్నకి "చివర్లో" అని జవాబొస్తే మొదటి వాయిదా 57,500 అవుతుంది, బ్యాంకులో ఉన్నదానికి 2,500 తక్కువ. అప్పుడు ఆగస్టు 25లోపు వచ్చే పాల బిల్లు మొత్తం దీనికే పెట్టాలి. చివరి వాయిదా 11,000కి దిగుతుంది గనక పత్తి డబ్బులోంచి తీయాల్సింది ఆ మేరకు తగ్గుతుంది. కానీ నవంబరుకు 16,800 బదులు 9,300 మాత్రమే ఉంటాయి, తెచ్చుకోవాల్సింది 11,700కి పెరుగుతుంది. 15 రోజులకు దాని వడ్డీ 117. ఆ కబురు రాగానే ఫోన్ చేయండి, పట్టిక మార్చి పంపుతాను.